‘అరాచకం’ ఎప్పుడు మెచ్చుకోలు అవుతుంది?

ఏప్రిల్ 14 రాత్రి మా హాస్టల్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. జయంతి ఊరేగింపు కోసం సొంతూరికి వెళ్లిన జూనియర్ తమ్ముడు పెట్టాడు. ఉన్నవి మూడే మాటలు: “ఇక్కడ అరాచకం అన్నా.” మేం నలుగురం చూసి మురిసిపోయాం. డప్పులు దుమ్ము లేపుతున్నాయేమో అనుకుని నిప్పు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పంపాం. ఒకడైతే “వీడియో పెట్టురా” అని కూడా రాశాడు. అరగంట తర్వాత ఆ తమ్ముడే ఫోన్ చేశాడు. ఊరేగింపును నడి ఊళ్లో ఆపేశారట, ఫ్లెక్సీ చింపారట, డప్పు కొడుతున్న పిల్లవాడిని కొట్టారట. “మీరేమో నవ్వుతున్నరు” అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

మర్నాడు ఉస్మానియా క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచి వెళ్లి ఒక చాయ్ బండి దగ్గర నిలబడి ఇదే మాట్లాడుకుంటున్నాం. నల్లగొండ వైపు సంఘంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన మాతో ఉన్నాడు. అంతా విని అడిగాడు: “మంచిగుంటే అరాచకం అని ఎవలంటరు బిడ్డా? మేం దొర మీద కరపత్రం రాస్తే మొదటి మాట అదే ఉండేది.” మేం అంటామని చెప్పాం. క్యాంపస్‌లో బాగా పాడినా అరాచకమే, బాగా మాట్లాడినా అరాచకమే, బిర్యానీ బాగున్నా అరాచకమే. “ఎందుకు?” అన్నాడు. అక్కడ సరిగా చెప్పలేకపోయాం. ఆ జవాబు కోసం తర్వాత వెతుక్కున్నదే ఇదంతా.

మొదట గమనించాల్సింది ఏమిటంటే, ప్రతి చెడ్డ మాటా మంచిగా మారదు. ‘నాసిరకం’ అనే మాట మెచ్చుకోలు కాలేదు. ‘చప్పగా ఉంది’, ‘దండగ’ కూడా కాలేదు. మారినవి ఏవో చూడండి: అరాచకం, రచ్చ, కేక, బీభత్సం, ఖతర్నాక్, పిచ్చెక్కించాడు, చంపేశావ్. వీటన్నిటిలో రెండు పొరలు ఉన్నాయి. ఒకటి బలం, అంటే హద్దు దాటిన శక్తి, ఎదుటివాడిని కదిలించేసేంత తాకిడి. రెండోది తీర్పు, అంటే అది తప్పు, అది ప్రమాదం అని చెప్పడం. కుర్రకారు ఆ బలాన్ని ఉంచుకుని తీర్పును వదిలేస్తుంది. ‘చప్పగా’ అన్న మాటలో ఉంచుకోవడానికి బలమే లేదు, కాబట్టి అది ఎన్నటికీ తిరగబడదు.

ఇది నేటి పిల్లల చేష్ట కూడా కాదు. ‘యమా బాగుంది’ అని మన తాతలూ అన్నారు. యముడిని పట్టుకొచ్చి ‘చాలా’ అనే అర్థానికి వాడేశారు. ‘చెడ తిరిగాం’ అన్నప్పుడు ఏదీ చెడిపోలేదు, బాగా తిరిగామనే. ఇంగ్లీషులో ‘టెర్రిఫిక్’ అంటే ఒకప్పుడు భయం పుట్టించేది. ఇప్పుడు అద్భుతమైనది. స్కేట్‌బోర్డు కుర్రాళ్లు ‘సిక్’ అంటే మనవాళ్లు ‘మెంటలెక్కించాడు’ అన్నట్టే.

మా హైదరాబాదు నుంచే ఒక మాటను తీసుకుని విప్పి చూద్దాం. ‘జబర్దస్త్’ పార్సీ మాట. ‘జబర్’ అంటే పైన, ‘దస్త్’ అంటే చేయి. పైచేయి ఉన్నవాడని దాని అర్థం. ఆ పైచేయి కింద ఉన్నవాడికి అది దౌర్జన్యం. పక్కన నిలబడి చూసేవాడికి అది గొప్ప బలం. ఉర్దూలో ఈ రెండు చూపులూ వేరువేరు రూపాల్లో నిలిచిపోయి, అలాగే మన తెలుగులోకి వచ్చాయి. ‘జబర్దస్తీ’ అంటే బలవంతం, వెట్టి చేయించుకున్నవాడు చేసినది. ‘జబర్దస్త్’ అంటే భేష్, 2013 నుంచి టీవీలో నవ్వుల కార్యక్రమం పేరు. చివర ఒక్క దీర్ఘం తేడా. బలం ఎవరిది, దాన్ని ఎక్కడ నిలబడి చూస్తున్నాం అన్నదాన్ని బట్టే మాట చెడ్డదో మంచిదో అవుతుందనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ మాకు దొరకలేదు.

నల్లజాతి అమెరికన్ల ‘బ్యాడ్’ కథ కూడా ఇక్కడికే వస్తుంది. బ్యాడ్ అంటే మంచిదనే వాడుక 1890ల చివరికే అచ్చులో కనబడుతుంది. మైకేల్ జాక్సన్ పాట 1987లో వచ్చింది. అంటే అప్పటికే అది దాదాపు నూరేళ్ల పాత మాట. దీనికి పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి మాకు బాగా దగ్గరగా అనిపించింది. మాట వినని బానిసను యజమాని ‘చెడ్డవాడు’ అనేవాడు. అదే మనిషి తోటి బానిసల కళ్లకు వీరుడు. యజమాని నోటి మాటనే తీసుకుని అతని తీర్పును తలకిందులు చేశారన్నమాట. జెనీవా స్మిథర్‌మన్ అనే భాషావేత్త 1977 నాటి తన పుస్తకంలో నల్లవారి భాషలో ఇలా అర్థాన్ని తిరగేయడం గురించి రాసింది. మన ఊళ్లలో ఇది తెలియనిది కాదు. వాడలోని కుర్రాడు ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని బండి మీద పోతే “వానికి బలిసింది” అంటారు. అదే ‘బలుపు’ 2013లో రవితేజ సినిమాకు పేరై పోస్టరెక్కింది. హీరోకు అది స్టైల్. మన పిల్లవాడికి మాత్రం ఇంకా దెబ్బలు తెచ్చిపెట్టే మాటే.

మరి వినేవాడికి ఏ అర్థమో ఎలా తెలుస్తుంది? ఎదురుగా ఉంటే గొంతు చెబుతుంది. మెచ్చుకునేటప్పుడు ‘అరాఆచకం’ అని సాగుతుంది, మొహం వెలుగుతుంది. కానీ గొంతు ఒక్కటే కాదు, వ్యాకరణం కూడా చెబుతుంది. ఇంగ్లీషులో చెడ్డ ‘బ్యాడ్’కు తర్వాతి మెట్టు ‘వర్స్’. మెచ్చుకోలు ‘బ్యాడ్’కు ‘బ్యాడర్’, ‘బ్యాడెస్ట్’. రెండూ వేరు మాటలైపోయాయని దీన్నిబట్టి తెలుస్తుంది. మేం మా గ్రూపు పాత మెసేజ్‌లన్నీ తిరగేసి చూశాం. ‘అరాచకం రా’, ‘అరాచకంగా పాడాడు’ అన్నచోటల్లా మెచ్చుకోలే. ‘అరాచకాలు’ అని బహువచనం పడితే ఒక్కసారి కూడా మెచ్చుకోలు కాదు. ‘అరాచకం చేస్తున్నరు’ అన్నా కాదు. ‘చంపేశావ్ అన్నా’ అని ఎదుటివాడితో అంటే పొగడ్త. ‘చంపేశారంట’ అని ఎవరి గురించో అంటే గుండె ఆగుతుంది.

ఇప్పుడు తమ్ముడి మెసేజ్‌ను మళ్లీ చూడండి. “ఇక్కడ అరాచకం అన్నా.” బహువచనం లేదు, క్రియ లేదు, ఎవరు చేస్తున్నారో లేదు, గొంతు లేదు. అన్ని ఆనవాళ్లూ తప్పిపోయిన వాక్యం అది. మిగిలింది సందర్భం ఒక్కటే. జయంతి రోజు కాబట్టి మేం పండగనే ఊహించుకున్నాం. జయంతి రోజునే మన ఊళ్లలో దాడులు జరుగుతాయని తెలిసి కూడా. తప్పు వాడి మాటది కాదు. వాడు పెద్దాయన తెలుగులో రాస్తే, మేం క్యాంపస్ తెలుగులో చదువుకున్నాం.

ఈ తిరగబడటానికి ఒక షరతు ఉంది. మాట్లాడేవాడికీ వినేవాడికీ పాత అర్థం తెలిసి ఉండాలి, ఆ క్షణాన అది ఇద్దరినీ కరవకూడదు. క్రికెట్ వార్తల్లో బ్యాటర్ చెలరేగితే ‘ఊచకోత’ అని హెడ్డింగ్ పెడతారు. రాసినవాడికి అది ఉత్త ఊపు. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు గుర్తున్న ఇంట్లో ఆ హెడ్డింగ్ అలా చదవబడదు. ఆ మాట అక్కడ ఇంకా పేర్లతో, శవాలతో ఉంది. అందుకే మాలో చాలామంది అరాచకం అంటారు గానీ ఊచకోత అనరు. ఎవరూ నియమం పెట్టలేదు, నోరే తిరగదు.

కులం పేర్లది ఇంకో దారి. ‘చండాలంగా ఉంది’ అని చదువుకున్నవాళ్లు కూడా రోజూ అంటారు. అదొక మనుషుల పేరు. దాన్ని పాడైన కూరకూ, బాగోలేని సినిమాకూ తగిలించారు. అందులో ఉన్నది తీసిపారేయడమే తప్ప బలం కాదు. కాబట్టి అది దానంతటది తిరగబడి మెచ్చుకోలు అవుతుందని ఎదురుచూడటం దండగ. ఇలాంటి మాటలను తిప్పాలంటే ఆ మాట పడ్డవాళ్లే పూనుకోవాలి. 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైన దండోరా ఆ పని చేసింది. తిట్టుగా వినబడిన ‘మాదిగ’ను రెడ్డి, రావుల్లా పేరు చివర పెట్టుకుని నిలబడ్డారు. అరాచకం మారినట్టు ఇది వాడుకలో అరిగి మారలేదు, పట్టుబట్టి మార్చారు. 1972లో బొంబాయిలో పుట్టిన పాంథర్లు ‘నలిగిపోయిన’ అనే అర్థమున్న ‘దళిత్’ను జెండాకెత్తుకున్నదీ ఇలాగే.

అయితే అలా తిప్పిన మాట తిప్పినవాళ్ల నోట్లోనే తిరుగుతుంది. “మీరే పేరు చివర పెట్టుకుంటారుగా, మేమంటే ఏమైంది, సరదాగా అన్నాం” అని క్లాసులో అనేవాళ్లు మనకు తెలుసు. 1989 అట్రాసిటీ చట్టం ఈ సంగతి చాలా భాషావేత్తల కంటే సూటిగా చెప్పింది. సెక్షన్ 3 మొదలవడమే ఎస్సీ, ఎస్టీ కానివారెవరైనా అని మొదలవుతుంది. 2015 సవరణ తర్వాత 3(1)(ఎస్) ప్రకారం, అలాంటివారు జనం చూసే చోట కులం పేరుతో దూషిస్తే నేరం. మాట అదే. ఎవరు, ఎవరిని, ఎక్కడ అన్నారన్నదే తేడా. ఫిర్యాదు రాసేటప్పుడు అన్న మాటను ఉన్నదున్నట్టు, అన్నవాడి పేరుతో, విన్నవాళ్ల పేర్లతో రాయమని పెద్దలు పోరు పెట్టేది అందుకే. ‘కులం పేరుతో తిట్టాడు’ అని మాత్రమే రాస్తే పై మూడూ జారిపోతాయి.

ఇదంతా చెబితే పెద్దాయన నవ్వాడు. “అయితే నా కరపత్రంల ఇగ ఏం రాయాలె?” అన్నాడు. పాత కరపత్రంలో ‘దొర అరాచకాలు’ అనే ఉంటుంది కాబట్టి బహువచనం కాపాడుతుందని చెప్పాం. గ్రూపులో మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: దాడి జరిగితే ఆ మాట వద్దు, ‘ఆపారు’, ‘కొట్టారు’, ‘చింపారు’ అని క్రియతో రాయాలి, ఊరి పేరు, టైము పెట్టాలి. మొన్న ఆ తమ్ముడే సంఘం మీటింగ్ నుంచి “ఇక్కడ అరాచకం అన్నా” అని పెట్టాడు. ముగ్గురం ఒకేసారి ఫోన్ చేశాం. ఎత్తలేదు. రెండు నిమిషాలకు ఇంకో మెసేజ్ వచ్చింది: “మంచి అరాచకమే, డప్పుల సప్పుడుకు వినబడలే.”