ఐసు కరిగితే గది ఎంత కోల్పోతుంది?

ఫ్రీజర్‌లో మైనస్ 10 డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల ఐసును 30 డిగ్రీల గదిలో గిన్నెలో పెడితే, కొంతసేపటికి అది గది వేడికి సమానమైన నీరవుతుంది. ఆ మార్పు ఎందుకు అటే సాగుతుందో, ఎందుకు వెనక్కి నడవదో చెప్పే రాశి ఎంట్రపీ. 1865లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ దీనికి ఆ పేరు పెట్టాడు. ఒక వస్తువులోకి నెమ్మదిగా చేరిన వేడిని, అది చేరినప్పటి ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేదే ఎంట్రపీ పెరుగుదల. ఉష్ణోగ్రత మాత్రం కెల్విన్‌లలోనే ఉండాలి. సెల్సియస్ వాడితే లెక్క మొదట్లోనే చెడుతుంది, ఐసు సున్నా దగ్గరే కరుగుతుంది కదా!

ఈ ప్రయాణంలో మూడు మజిలీలున్నాయి.

మొదట ఐసు సున్నా వరకు వేడెక్కాలి. అందుకు 2,100 జౌళ్లు చాలు. వేడి చేరుతున్నకొద్దీ ఉష్ణోగ్రత మారుతుంది కాబట్టి ఒకే అంకెతో భాగించకూడదు. చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కూడితే సహజ సంవర్గమానం వస్తుంది. ఇంత చిన్న తేడాకైతే సగటు ఉష్ణోగ్రత 268 కెల్విన్‌లతో భాగించినా దాదాపు అదే జవాబు: కెల్విన్‌కు 7.8 జౌళ్లు.

కరగడం ఇంతకంటే తేలిక. 33,400 జౌళ్లు లోపలికి వెళ్తున్నా ఉష్ణోగ్రత 273 దాటదు. నేరుగా భాగిస్తే 122.3. మొత్తం పెరుగుదలలో సింహభాగం ఇక్కడే ఉంది, ఎందుకంటే వరసగా కుదురుకున్న అణువులు ఆ కట్టు వీడి కదలడం మొదలుపెట్టేది ఈ దశలోనే. ఆ తర్వాత నీరు 30 డిగ్రీలకు చేరడానికి 12,540 జౌళ్లు కావాలి. దీని వాటా 43.6. అన్నీ కలిపితే 173.7.

చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. అసలు ప్రశ్నకు జవాబు మాత్రం గదిని కూడా లెక్కలోకి తీసుకుంటేనే దొరుకుతుంది. గది ఇచ్చిన వేడి 48,040 జౌళ్లు. అంత పెద్ద గది ఉష్ణోగ్రత దాదాపు మారదు గనుక మొత్తాన్నీ 303తో భాగించవచ్చు. గది ఎంట్రపీ 158.5 తగ్గింది. నీటి లాభంలోంచి గది నష్టాన్ని తీసేస్తే 15.2 మిగులుతుంది. ఇచ్చిన వేడీ, పుచ్చుకున్న వేడీ ఒకటే. కానీ గది దాన్ని ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చింది, ఐసు తక్కువ ఉష్ణోగ్రత దగ్గర పుచ్చుకుంది. ఆ తేడా నుంచే ఈ మిగులు పుట్టింది.

పరిసరాలు కూడా సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గరుంటే? సున్నా దగ్గరున్న ఐసు కరిగినప్పుడు అటు 122.3 పెరిగి, ఇటు అంతే తగ్గుతుంది. మిగులు సున్నా. అందుకే అక్కడ ఐసూ నీరూ ఎంతసేపైనా పక్కపక్కనే ఉండగలవు.

సున్నా డిగ్రీల నీటిని మైనస్ 10 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే లెక్క తిరగబడుతుంది. గడ్డకట్టే నీరు 122.3 కోల్పోతుంది, 263 కెల్విన్‌ల దగ్గరున్న చల్లటి గాలి అదే వేడికి దాదాపు 127 పొందుతుంది. నీటి ఎంట్రపీ తగ్గుతున్నా మొత్తం పెరుగుతూనే ఉంది కాబట్టి నీరు ఐసవుతుంది.