సందు చాలితేనే తిరిగే కీలు

తలుపు మడతబందులో రెండు రేకులు, మధ్యలో ఒక చీల ఉంటాయి. మూడింటినీ విడివిడిగా చేసి తర్వాత కూరుస్తారు. త్రీడీ ప్రింటర్ ఉంటే ఈ కూర్పు పని లేకుండానే కీలు చేయొచ్చు. పెట్టె, మూత, వాటిని కలిపే కీలు ఒకే విడతలో అచ్చవుతాయి. బెడ్ మీంచి తీసి మూత మడిస్తే చాలు. వీటినే ‘ప్రింట్ ఇన్ ప్లేస్’ కీళ్లంటారు. షరతు ఒక్కటే: కదలాల్సిన రెండు భాగాల మధ్య అన్ని చోట్లా సందు మిగలాలి. ఏ ఒక్కచోట గట్టిగా అతుక్కున్నా కీలు కదలదు.

ఆ సందు ఎంత ఉండాలి? ఫిలమెంట్‌తో పనిచేసే మామూలు ప్రింటర్‌లో 0.4 మి.మీ. నాజిల్, పీఎల్‌ఏ ప్లాస్టిక్ వాడితే 0.3 నుంచి 0.5 మి.మీ. వరకు పెడతారు. కంప్యూటర్ బొమ్మలో 0.1 మి.మీ. పెట్టినా భాగాలు విడిగానే కనిపిస్తాయి. కానీ నాజిల్ నుంచి ప్లాస్టిక్ జంతికల పిండిలా దిగి, కింది పొర మీద ఒత్తుకుని కాస్త పక్కకు పరుచుకుంటుంది. పైగా ప్రతి పొరలో గీత మొదలై ముగిసే చోట చిన్న బొడిపె తేలుతుంది. ఇవి రెండు వైపుల నుంచీ ముందుకొస్తే సన్నని సందు పూడిపోతుంది.

ఒక చిన్న పెట్టెను తీసుకుందాం. పెట్టె, మూత చెరో 5 మి.మీ. ఎత్తు. రెండూ తెరిచిన పుస్తకంలా బెడ్ మీద పక్కపక్కనే అచ్చవుతాయి. వాటి మధ్య 10 మి.మీ. వ్యాసంతో, పెట్టెకొకటి మూతకొకటిగా కీలు ముక్కలు వరుసగా ఉంటాయి. నిటారు చీల పెడితే దాని అడుగు గాలిలో మొదలవ్వాలి. కింద ఆధారం లేక ప్లాస్టిక్ జారి సందులో పడుతుంది. అందుకే చీలకు బదులు ఒక ముక్క పక్క నుంచి 45 డిగ్రీల వాలుతో శంకువు పొడుచుకొస్తుంది. ఎదుటి ముక్కలో దానికి తగిన గుంట ఉంటుంది. పొర మందం 0.2 మి.మీ. అయితే ప్రతి పొరా కిందిదాని కంటే 0.2 మి.మీ. మాత్రమే ముందుకు వస్తుంది. కాబట్టి గీతలో దాదాపు సగానికి ఆధారం దొరుకుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ముక్కల మధ్య 0.4 మి.మీ. సందు కావాలని శంకువును గుంట నుంచి అడ్డంగా 0.4 మి.మీ. జరుపుతారు. చదును ముఖాల మధ్య ఆ సందు నిజంగానే మిగులుతుంది. వాలు ముఖాల మధ్య మాత్రం అసలు దూరం 0.28 మి.మీ. మాత్రమే, ఎందుకంటే వాలుకు లంబంగా కొలిస్తే 0.4లో 0.7 వంతే వస్తుంది. వాలు మీద కూడా 0.4 మి.మీ. కావాలంటే అడ్డంగా 0.57 మి.మీ. జరపాలి. గుండ్రటి రంధ్రంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. 5 మి.మీ. చీలకు 5.4 మి.మీ. రంధ్రం పెడితే ఒక్కో వైపు మిగిలేది 0.2 మి.మీ. మాత్రమే.

బెడ్‌కు తగిలే మొదటి పొరది ఇంకో బాధ. అది అంటుకోవడానికి నాజిల్ గట్టిగా ఒత్తుతుంది కాబట్టి అడుగు అంచు మిగతా పొరల కంటే ఎక్కువగా ఉబ్బుతుంది. పైన సందు చక్కగా కనిపిస్తున్నా, కింద మూతా పెట్టే అతుక్కుని ఉండొచ్చు. ఆ అంచులను బొమ్మలోనే కాస్త ఏటవాలుగా కోసేయాలి. లేదా స్లైసర్‌లో `Elephant foot compensation` అనే అమరిక వాడాలి.

అచ్చయ్యాక బెడ్ చల్లారనిచ్చి మూతను మెల్లగా అటూ ఇటూ ఊపండి. సన్నటి పటపట వినిపించి కీలు వదులైతే, సందులో సాగిన పోగులు తెగాయన్నమాట. అది మామూలే. అసలు కదలకపోతే బలం పెట్టొద్దు, శంకువు విరుగుతుంది. ముందు అడుగు పక్కన చూడండి. అక్కడ గీత తెగకుండా కలిసి ఉంటే తప్పు మొదటి పొరది. అడుగున సందు బాగుంటే ప్లాస్టిక్ ఎక్కువగా వస్తోందేమో, శంకువు చుట్టూ సందు చాలలేదేమో చూడాలి.

సందు పెంచితే బాధ తీరిపోతుందనుకోవద్దు. ఎంత పెంచితే మూత అంత ఊగులాడుతుంది. అందుకే పెట్టె మొత్తం అచ్చు వేసే ముందు 0.2, 0.3, 0.4, 0.5 మి.మీ. సందులతో నాలుగు చిన్న కీళ్లు వేసి చూడండి. చేత్తో తేలిగ్గా తిరిగే వాటిలో అతి చిన్న సందే మీ ప్రింటర్‌కు తగినది. పీఎల్‌ఏ మానేసి పోగులు ఎక్కువగా సాగే పీఈటీజీకి మారితే, ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.