స్కూల్ ఫీజు రశీదులో 'డెవలప్‌మెంట్', 'యాక్టివిటీ' ఛార్జీలా? ఆఫీసుకు లెటర్ ఇలా రాయండి

ఫీజు కట్టాక ఇంటికొచ్చి రశీదు చూస్తే ట్యూషన్ ఫీజు కింద ఇంకో మూడు లైన్లు ఉంటాయి. అవి దేనికో ఎక్కడా రాసి ఉండదు. శావల్యాపురం నుంచి స్కూల్ బస్సెక్కే ఓ ఏడో తరగతి బాబు రశీదు ఇలా ఉందనుకుందాం.

ట్యూషన్: రూ.14,000
డెవలప్‌మెంట్: రూ.2,500
యాక్టివిటీ: రూ.1,500
ట్రాన్స్‌పోర్ట్: రూ.8,400
మొత్తం: రూ.26,400

డెవలప్‌మెంట్ ఫీజు రెండుసార్లా?

ప్రైవేటు స్కూళ్ల కోసం 1994లో ఇచ్చిన జీవో 1 వసూలైన ఫీజును ఎలా ఖర్చు పెట్టాలో చెప్పింది. సగం జీతాలకు పోవాలి. మరో 15 శాతం స్కూల్ అభివృద్ధికి పెట్టాలి. ఈ లెక్కన రూ.14,000లోనే రూ.2,100 అభివృద్ధికి ఉన్నట్టు. మరి ఈ రూ.2,500 దానికి అదనమా? అలాగని విడిగా తీసుకున్న ప్రతిదీ అక్రమం అనలేం. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇదే.

బస్సు ఫీజు ఎన్ని నెలలకు?

రూ.8,400ను 12తో భాగిస్తే నెలకు రూ.700. పదితో భాగిస్తే రూ.840. అదే స్టాపులో ఎక్కే పక్కింటి పాప నెలకు రూ.700 చొప్పున పది నెలలకే కడుతుంటే, మీ రశీదులో సెలవుల రెండు నెలలకూ కలిపి రూ.1,400 పడినట్టే.

లెటర్ ఇలా..

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారాలు. మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. రశీదు నంబరు ____, తేదీ ____. ఇందులోని మూడు ఛార్జీల వివరాలు దయచేసి తెలుపగలరు. 1) డెవలప్‌మెంట్ ఫీజు దేనికి? ఇది ఏటా ఉంటుందా? 2) యాక్టివిటీ ఫీజులో ఏమేం ఉన్నాయి? పాల్గొనకపోయినా కట్టాలా? 3) బస్సు ఫీజు ఎన్ని నెలలకు, ఏ స్టాపు లెక్కన? ఈ ఏడాది స్కూల్ ప్రకటించిన ఫీజుల పట్టిక కాపీ కూడా ఇప్పించగలరని మనవి."

ఈ చివరి వాక్యం వదిలేయొద్దు. స్కూల్ ముందుగా ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే ఏ చెల్లింపునైనా విద్యాహక్కు చట్టం క్యాపిటేషన్ ఫీజుగానే చూస్తుంది. దానికి పది రెట్ల వరకు జరిమానా ఉంది. అందుకే మీ రశీదును ఆ పట్టికతో పోల్చి చూడాలి.

ఈ తప్పు చేయొద్దు

గ్రామాల్లో హైస్కూల్ ఫీజు రూ.12,000 దాటకూడదంటూ 2021లో జీవో 53 వచ్చింది. హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో దాన్ని కొట్టేసింది. లెటర్‌లో ఆ అంకె రాస్తే మీ వాదన అక్కడే వీగిపోతుంది.

లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదానిపై తేదీ, స్టాంపు వేయించుకోండి. జవాబు రాకపోతే ఆ కాపీ, రశీదు జత చేసి ముందు ఎంఈవోకు, తర్వాత నరసరావుపేటలోని డీఈవో ఆఫీసుకు ఇవ్వొచ్చు. స్టాంపు లేకపోతే మీరు అడిగినట్టు ఆధారమే ఉండదు.