చదరపు అడుగు రేటు చూసి మోసపోవద్దు

మియాపూర్‌లో మా చెల్లెలు కొన్న ఫ్లాట్‌ తాళాలు చేతికొచ్చిన వారంలోనే రెండు కొటేషన్లు కూడా వచ్చాయి. వార్డ్‌రోబ్‌కు ఒకాయన చదరపు అడుగుకు 1,250 రూపాయలన్నాడు, ఇంకొకాయన 1,600 అన్నాడు. "అన్నయ్యా, ఇందులో ఆలోచించేదేముంది, తక్కువ చెప్పినాయనకే ఇచ్చేద్దాం" అంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చున్నాం.

ముందు కొలత తెలియాలి. వార్డ్‌రోబ్‌ను ఎదురుగా నిలబడితే కనిపించే భాగానికే కొలుస్తారు. వెడల్పు 7 అడుగులు, ఎత్తు 7 అడుగులు అంటే 49 చదరపు అడుగులు. దానిపైన 2 అడుగుల లాఫ్ట్‌ మరో 14. మొత్తం 63. లోపలి అరలు, పక్క చెక్కలు, మధ్య గోడలు ఈ లెక్కలోకి రావు, కానీ వాటికి చెక్క ఖర్చవుతుంది. తలుపులతో సహా అన్నీ కలిపితే అటూ ఇటూగా 200 చదరపు అడుగుల మందపాటి ప్లైవుడ్ పడుతుంది. 8 బై 4 షీట్లు ఏడు దాకా అన్నమాట. అందుకే షాపులో ప్లైవుడ్ ధర అడిగొచ్చి, 63తో హెచ్చవేసి "ఇంత దోపిడీయా" అనుకోవడం సరికాదు.

1,600 చెప్పినాయన లాఫ్ట్‌, మూడు సొరుగులు, హ్యాండిళ్లు, తాళాలు, 18 శాతం జీఎస్టీ అన్నీ అందులోనే అని రాశాడు. మొత్తం 1,00,800. రెండో కాగితంలో 1,250 రేటు 49 అడుగులకే, అంటే 61,250. లాఫ్ట్‌ అడుగుకు 900 చొప్పున 12,600. సొరుగు ఒక్కొక్కటి 4,000 కాబట్టి 12,000. హ్యాండిళ్లు, తాళాలకు 3,000. అప్పటికి 88,850. కింద చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. అది 15,993. వెరసి 1,04,843 రూపాయలు. తక్కువ రేటు చెప్పినాయన దగ్గరే నాలుగు వేలు ఎక్కువైంది. చెల్లెలు క్యాలిక్యులేటర్‌లో మళ్లీ ఒకసారి కొట్టి చూసుకుంది.

ఆ తర్వాత సరుకు. రెండింటిలోనూ "ప్రీమియం ప్లై" అని ఉంది. ఆ మాటకు అర్థమేమీ లేదు. ఏ కంపెనీ, ఏ గ్రేడు, ఎన్ని మిల్లీమీటర్లు, పెట్టెకు ఏది, తలుపుకు ఏది అన్నది విడివిడిగా రాయించుకోవాలి. నీళ్లు తగిలే వంటింటి సింకు కింద మెరైన్ ప్లై కావాలి, దాని షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. పడకగదిలో మామూలు వాడకపు ఐఎస్ 303 చాలు, అక్కడ కూడా మెరైన్ కావాలనడం డబ్బు దండగ. కొందరు తలుపులకు ప్లై వాడి, లోపలి పెట్టెకు పార్టికల్ బోర్డు పెడతారు. రాతలో లేకపోతే అడిగే హక్కు మనకుండదు.

ఇక అసలు ప్రశ్న, డిజైనర్ కావాలా, మనమే చేయించుకోవచ్చా? కర్టెన్లు, రంగులు, లైట్లు, కుర్చీలు ఎవరైనా తీరిగ్గా ఎంచుకోవచ్చు. ఒక్క వార్డ్‌రోబే అయితే ప్లై మనమే కొనిచ్చి కార్పెంటర్‌కు కూలి ఇస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ మేకులు, ఫెవికాల్ దగ్గర్నుంచి తెచ్చిపెడుతూ ఇంట్లో ఒకరు రోజంతా ఉండాలి. వంటిల్లు మాత్రం వేరు. చిమ్నీ ప్లగ్గు, వాటర్ ఫిల్టర్ పైపు, ఓవెన్ స్విచ్చు ఎక్కడ రావాలో పెట్టెలు బిగించకముందే తేలాలి. మా పాత ఇంట్లో నేనే చేయించాను, స్విచ్‌బోర్డు అలమర వెనక్కి వెళ్లిపోయింది. దానికోసం కొత్త ప్లై కోయించాల్సి వచ్చినప్పుడు, డ్రాయింగ్‌కు డబ్బివ్వడం దండగ కాదని అర్థమైంది. డ్రాయింగ్‌ వరకే ఫీజు తీసుకుని, పని మన మేస్త్రికి వదిలే డిజైనర్లూ ఉన్నారు. అడిగి చూడాలి.

చెల్లెలు, బావగారు ఇద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్తారు. అందుకని 1,600 చెప్పినాయనకే వార్డ్‌రోబులు, వంటిల్లు ఇచ్చారు, హాలు మాత్రం తామే సర్దుకున్నారు. అడ్వాన్సు పోను మిగతా డబ్బు పని దశలను బట్టి ఇచ్చేలా, చివరి పది శాతం అన్ని తలుపులూ సరిగా మూసుకున్నాకే ఇచ్చేలా కాగితం మీద పెట్టించాం.

లామినేట్ అతికించాక చెక్క కనబడదు కదా అని చెల్లెలి భయం. నిజమే, పెట్టె నిలబెట్టిన రోజు వెళ్లి చూడటం మంచిది. అది కుదరకపోతే ఒక ఉపాయం ఉంది. తలుపుకు కబ్జా కూర్చోబెట్టడానికి లోపలివైపు గుండ్రటి గుంట తొలుస్తారు. కబ్జా బిగించకముందు అందులోకి ఫోన్ లైటు వేస్తే ప్లైవుడ్ అయితే పొరలు పొరలుగా కనిపిస్తుంది, పార్టికల్ బోర్డు అయితే పొట్టు నొక్కినట్టుంటుంది. ఆ ఆదివారం చెల్లెలు ఆరు తలుపుల గుంటల్లోనూ లైటు వేసి చూసింది. ఆరింటిలోనూ పొరలే ఉన్నాయి.