మీకు తెలుసా? అపెండిసైటిస్ అనుమానం ఉంటే పిల్లలకు ముందు అల్ట్రాసౌండే

బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి, వాంతులు, జ్వరం తోడైతే డాక్టర్లు అపెండిసైటిస్‌ను అనుమానిస్తారు. అల్ట్రాసౌండ్‌లో నొప్పి ఉన్నచోట ప్రోబ్‌ను మెల్లమెల్లగా అదుముతారు. మామూలు పేగు ఆ ఒత్తిడికి అణుగుతుంది, దానిలోని గాలి పక్కకు జరుగుతుంది. వాచిన అపెండిక్స్ అణగదు. ఒక కొస మూసుకుపోయిన గొట్టంలా, సాధారణంగా 6 మిల్లీమీటర్లకు మించిన లావుతో కనిపిస్తుంది. ఈ పద్ధతిని 1986లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టు పుయ్‌లార్ట్ వివరించారు.

చిక్కల్లా ‘అపెండిక్స్ కనిపించలేదు’ అని రిపోర్టు వచ్చినప్పుడే. చాలామంది దాన్ని ‘ఏమీ లేదు’ అని చదువుకుంటారు. అది పొరపాటు. పేగుల్లో గాలి ఎక్కువున్నా, అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కున్నా దొరకదు. అయినా వెంటనే సీటీకి పంపరు. ఆ రేడియేషన్ వల్ల తర్వాతెప్పుడో క్యాన్సర్ వచ్చే ముప్పు చిన్నదే అయినా, పెద్దలకన్నా పిల్లలకు ఎక్కువ. బిడ్డ నిలకడగా ఉంటే రక్తపరీక్ష చూసి, కొన్ని గంటలు గమనించి మళ్లీ అల్ట్రాసౌండ్ చేస్తారు. వీలున్నచోట ఎంఆర్‌ఐ తీస్తారు.

అపెండిక్స్ పగిలి చీము చేరిందన్న అనుమానం ఉండి, అల్ట్రాసౌండ్‌తో తేలకపోతే మాత్రం పిల్లల బరువుకు తగిన తక్కువ డోసుతో సీటీ తీస్తారు. అప్పుడు రేడియేషన్ భయంతో వద్దనకండి.