బలమైన టీ ఎవరు తాగుతారు?

అనువాదంలో ‘బలమైన టీ’ అని రాశాను. తప్పేం లేదు, కానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంది. తెలుగు కథలు, వ్యాసాలు పోగుచేసిన కార్పస్‌ను కాంకార్డెన్స్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ‘టీ’ అని వెతికాను. వెతికిన మాట నడిమధ్యన, దాని ఇరుగుపొరుగు మాటలు అటూ ఇటూ వరసలుగా వస్తాయి. తీరా చూస్తే పార్టీ, కమిటీ, పోటీ అన్నీ వచ్చిపడ్డాయి!

‘టీ’కి ముందు ఖాళీ పెట్టి మళ్లీ వెతికి, ఎడమపక్క మాటను బట్టి వరసలు సర్దాను. వేడి టీ, అల్లం టీ, చిక్కటి టీ గుంపులుగా తేలాయి. ‘బలమైన’ ఒక్కచోటే ఉంది. మూలం తీస్తే అదీ అనువాదమే. ఆ సాక్ష్యం చెల్లదు.

అయితే చిక్కదనం పాలదా, డికాషన్‌దా? అంకెలు చెప్పవు, వాక్యం మొత్తం చదవాల్సిందే. చదివాక ‘డికాషన్ ఎక్కువేసిన టీ’ అని దిద్దాను.