అప్పు పెరిగితే కంపెనీకి తెగింపు ఎందుకొస్తుంది?

ఒక కంపెనీ చేతిలో 100 కోట్లున్నాయి. ఏడాది చివర బ్యాంకుకు కట్టాల్సిందీ 100 కోట్లే. దాని ముందు రెండు ప్రాజెక్టులున్నాయనుకుందాం. మొదటిది కచ్చితంగా 105 కోట్లు తెస్తుంది. రెండోది కలిసొస్తే 160 కోట్లు, బెడిసికొడితే 20 కోట్లు. రెండింటికీ సమాన అవకాశం ఉంది కనుక సగటు 90 కోట్లు. మొత్తంగా చూస్తే మొదటిదే మేలు.

వాటాదారుల లెక్క మాత్రం వేరు. మొదటిదానిలో అప్పు పోను వాళ్లకు మిగిలేది 5 కోట్లే. రెండోది గెలిస్తే 60 కోట్లు, ఓడితే సున్నా. పరిమిత బాధ్యత గల కంపెనీ కాబట్టి ఎవరూ సొంత ఇల్లు అమ్మి బాకీ తీర్చనక్కర్లేదు. అంటే వాళ్ల సగటు 30 కోట్లు. బ్యాంకుకు మాత్రం 100 రావచ్చు, 20 రావచ్చు, సగటు 60. వాటాదారులకు 25 కోట్ల లాభం, బ్యాంకుకు 40 కోట్ల నష్టం. తేడా 15 కోట్లు ఎవరికీ చెందకుండా ఆవిరైపోతుంది. అప్పు తెచ్చిపెట్టే ఏజెన్సీ ఖర్చుల్లో ఇదొకటి. అప్పు తీసుకున్నాక భద్రమైన ఆస్తి స్థానంలో ప్రమాదకరమైనదాన్ని పెట్టడమే అసెట్ సబ్‌స్టిట్యూషన్. 1976లో జెన్సెన్, మెక్లింగ్ అనే ఆర్థికవేత్తలు తమ ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని వివరించారు.

అదే కంపెనీ బాకీ 20 కోట్లే అయితే? మొదటి ప్రాజెక్టులో వాటాదారులకు 85 కోట్లు, రెండోదానిలో సగటున 70 కోట్లు. వాళ్లే భద్రమైన దారి పడతారు. మనుషులు మారలేదు, పోగొట్టుకోవడానికి సొంత డబ్బు ఉందా లేదా అన్నదే మారింది.

1980లలో అమెరికాలోని సేవింగ్స్ అండ్ లోన్ సంస్థల్లో జరిగింది ఇదే. అవి తక్కువ స్థిర వడ్డీకి దీర్ఘకాలపు ఇంటి అప్పులిచ్చాయి. ఇంతలో మార్కెట్ వడ్డీ ఎగబాకింది. డిపాజిట్లకు కట్టేది ఎక్కువ, అప్పుల మీద వచ్చేది తక్కువ అయిపోయి చాలా సంస్థల మూలధనం హరించుకుపోయింది. వాటిని మూసేయాల్సిందిపోయి, 1982 చట్టం వాణిజ్య రియల్ ఎస్టేట్‌కు మరింత అప్పులిచ్చే వీలు కల్పించింది. పోయేదేమీ లేని యజమానులు ఎక్కువ వడ్డీ ఆశచూపి డిపాజిట్లు లాగి, భూముల మీదా జంక్ బాండ్ల మీదా పెట్టారు. లక్ష డాలర్ల దాకా బీమా ఉంది కనుక డిపాజిటర్లు ఆరా తీయలేదు. 1986–1995 మధ్య 1,043 సంస్థలు మూతపడ్డాయి. పన్ను చెల్లించేవారి మీద పడిన భారం సుమారు 12,400 కోట్ల డాలర్లు.

బీమా లేని చోట అప్పిచ్చేవాళ్లు ఇంత ఉదాసీనంగా ఉండరు. ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి వడ్డీ పెంచుతారు, తాకట్టు అడుగుతారు, డబ్బు దేనికి వాడాలో ఒప్పందంలో రాయిస్తారు. కాబట్టి ఆ ఖర్చు మొదట్లోనే వాటాదారుల నెత్తికి చుట్టుకుంటుంది. కొందరు బాండ్లను వాటాలుగా మార్చుకునే హక్కు అడుగుతారు. జూదం గెలిస్తే అందులో వాళ్లకూ పాలుంటుంది.

మీరు డిబెంచర్లు కొనేటప్పుడు వడ్డీ శాతంతో ఆగిపోకండి. యజమానుల సొంత డబ్బు ఎంత మిగిలి ఉందో, మీ డబ్బును దేనికి వాడతామని పత్రంలో రాశారో చూడండి.